వారం జీతం నెలకు ఎంత? నాలుగుతో గుణించే లెక్క ఎక్కడ తప్పుతుంది

బ్రిటన్‌లో చదువు ముగించుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న ఒకరికి రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. మొదటిది వేర్‌హౌస్‌లో పని. గంటకు 12.21 పౌండ్లు, వారానికి 40 గంటలు, ప్రతి శుక్రవారం జీతం. 21 ఏళ్లు నిండినవారికి 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు అక్కడి చట్టం నిర్ణయించిన కనీస వేతనం కూడా ఇదే. రెండోది ఆఫీసు పని. వారానికి 37.5 గంటలు, నెలకు 2,050 పౌండ్లు. ఈ వ్యాసంలోని బ్రిటన్ అంకెలన్నీ పన్నూ ఇతర కోతలూ పోకముందువి.

మొదటి ఉద్యోగంలో వారానికి 488.40 పౌండ్లు వస్తాయి. నెలంటే నాలుగు వారాలే కదా అని చాలామంది దాన్ని నాలుగుతో గుణిస్తారు. 1,953.60 వస్తుంది. ఆఫీసు ఉద్యోగమే దాదాపు వంద పౌండ్లు ఎక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది. అదే 488.40ని 52తో గుణించి 12తో భాగిస్తే 2,116.40 వస్తుంది. ఇప్పుడు వేర్‌హౌస్ ఉద్యోగం 66 పౌండ్లు పైన ఉంది. ఆఫర్లు మారలేదు. ఏ అంకెతో గుణించామన్నదే మారింది, దాంతో ఏది ఎక్కువన్న జవాబు తిరగబడింది.

గంట లెక్క చూస్తే ఇంకో మలుపు ఉంది. ఆఫీసు ఉద్యోగం ఏడాదికి 24,600 పౌండ్లు, 1,950 గంటలు, అంటే గంటకు 12.60 పైచిలుకు. చేసిన గంటకు ఎక్కువ ఇచ్చేది ఆఫీసే. నెల మొత్తం మీద ఎక్కువ వచ్చేది మాత్రం వేర్‌హౌస్‌లో. ఇద్దరు ఒకే ఉద్యోగాల గురించి వాదించుకుని, ఇద్దరూ సరైన అంకెలే చెప్పే పరిస్థితి ఇలాగే వస్తుంది.

## నెలలో నాలుగు వారాలు ఎందుకు పట్టవు

నాలుగు వారాలంటే 28 రోజులు. అంతకు మించని నెల ఒక్క ఫిబ్రవరి మాత్రమే, అదీ లీపు సంవత్సరం కానప్పుడు. మిగతా 11 నెలల్లోనూ 28 తర్వాత రెండో మూడో రోజులు మిగులుతాయి. వాటిని మనం లెక్కలోకి తీసుకోం గానీ, పనిచేసేవారు ఆ రోజుల్లో కూడా పనిచేస్తారు, వాటి జీతమూ వస్తుంది.

నాలుగుతో గుణించినప్పుడు మనకు తెలియకుండానే ఏడాదిని 48 వారాలకు కుదిస్తున్నాం. ఏడాదిలో ఉన్నవి 52. మిగిలిన నాలుగు వారాల డబ్బు లెక్కలోంచి జారిపోతుంది. పై ఉదాహరణలో నెలకు 162.80 పౌండ్లు తక్కువ పడ్డాయి. ఏడాదికి అది 1,953.60. ఈ అంకె ఇందాక కనిపించిందే. నాలుగుతో గుణించి 'ఒక నెల జీతం' అనుకున్నామే, సరిగ్గా అంతే. అంటే ఈ లెక్క వేసుకున్నవారు తమ ఏడాది సంపాదనలో అలాంటి ఒక నెలను మొత్తంగా మరిచిపోతున్నారు.

52తో గుణించి 12తో భాగించే పద్ధతి దీన్ని సరిచేస్తుంది. ముందు వారం జీతాన్ని ఏడాదికి తీసుకెళ్తాం, తర్వాత ఏడాదిని నెలలకు పంచుతాం. వారాలు నెలల్లో సమానంగా ఇమడవు గానీ, వారాలూ నెలలూ రెండూ ఏడాదిలో దాదాపుగా ఇముడుతాయి. అందుకే మధ్యలో ఏడాది మజిలీ. రెండు మెట్లనూ కలిపితే నెలకు 4.33 వారాలు.

'దాదాపుగా' అన్నది ఊరికే కాదు. 52 వారాలకు 364 రోజులే. మామూలు సంవత్సరంలో ఒక రోజు, లీపు సంవత్సరంలో రెండు రోజులు మిగులుతాయి. 365ని 7తో భాగిస్తే 52.14. ఆ అంకె వాడితే మన వేర్‌హౌస్ జీతం నెలకు 2,122 పౌండ్లు అవుతుంది. తేడా ఆరు పౌండ్ల లోపే. అంత చిన్న తేడా కోసం దశాంశాలు మోయడం ఎందుకని ఎక్కువ సంస్థలు 52 దగ్గరే ఆగిపోయాయి. 48కీ 52కీ మధ్య తేడా మాత్రం అలా వదిలేసేది కాదు.

## లెక్కలో సగటు, చేతిలో శుక్రవారాలు

52 లెక్క మీద ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఒకటుంది: 'నెలకు 2,116 అని కాగితం మీద రాసుకున్నా, నా అకౌంట్లో ఏ నెలా అంత పడలేదే?' నిజమే, పడదు. నెలలో నాలుగు శుక్రవారాలుంటే నాలుగు జీతాలు, ఐదుంటే ఐదు. 4.33 శుక్రవారాలున్న నెల లేదు.

2026 క్యాలెండర్ తీసుకోండి. జనవరి, మే, జూలై, అక్టోబరు నెలల్లో ఐదేసి శుక్రవారాలున్నాయి. మిగతా ఎనిమిది నెలల్లో నాలుగేసి. అంటే ఎనిమిది నెలలు 1,953.60 చొప్పున, నాలుగు నెలలు 2,442 చొప్పున పడుతుంది. మొత్తం 25,396.80. దాన్ని పన్నెండుతో భాగిస్తే మళ్లీ మన 2,116.40. సగటు అబద్ధం కాదు, కానీ అది ఏ ఒక్క నెలకూ చెందిన అంకె కాదు.

ఇక్కడ నాలుగుతో గుణించే అలవాటును సమర్థించేవారి మాట కూడా వినాలి. ఇంటి అద్దె, ఫోను బిల్లు, అప్పు వాయిదా నెలనెలా ఒకే తేదీన పోతాయి. చేతికి మాత్రం ఏడాదిలో ఎనిమిది నెలలు నాలుగు జీతాలే వస్తాయి. 2,116 వస్తుందని ఖర్చులను అక్కడిదాకా పెంచుకుంటే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వరుసగా మూడు నెలలు నెలకు 163 పౌండ్లు తక్కువ పడతాయి. జనవరిలో వచ్చిన ఐదో జీతం అప్పటికే ఖర్చయిపోతే అప్పు తప్పదు. అందుకని నెల ఖర్చును నాలుగు జీతాల్లో ఇమిడేలా పెట్టుకుని, ఐదో శుక్రవారం వచ్చినప్పుడు ఆ డబ్బును విమాన టికెట్టుకో, ఊళ్లో అప్పు తీర్చడానికో పక్కన పెట్టేవారున్నారు. ఖర్చుల ప్రణాళికగా అది తెలివైన పద్ధతే. చిక్కు ఎప్పుడొస్తుందంటే, ఖర్చు అదుపు కోసం పెట్టుకున్న ఆ చిన్న అంకెనే 'నా నెల జీతం' అని అద్దె దరఖాస్తులోనో, లోను ఫారంలోనో రాసినప్పుడు. ఇంటి ఏజెంట్లు చాలాచోట్ల ఏడాది ఆదాయం నెల అద్దెకు కనీసం 30 రెట్లు ఉండాలని అడుగుతారు. నెలకు 1,953.60 అని రాసి దాన్ని 12తో గుణిస్తే ఏడాదికి 23,443. ఆ లెక్కన 781 పౌండ్ల అద్దె దాకే అర్హత. అసలు ఆదాయం 25,396 కాబట్టి నిజానికి 846 దాకా ఉంది. చేతులారా 65 పౌండ్ల అర్హత తగ్గించుకున్నట్టు.

జీతం ఏ రోజున పడుతుందన్నదాన్ని బట్టి ఏడాదికి 53 జీతాలు పడటమూ ఉంది. 2026 జనవరి 1 గురువారం, డిసెంబరు 31 కూడా గురువారమే. కాబట్టి గురువారం జీతం తీసుకునేవారికి ఆ క్యాలెండర్ సంవత్సరంలో 53 సార్లు డబ్బు పడుతుంది. ఎవరూ అదనంగా ఇస్తున్నది కాదు, 52 వారాల తర్వాత మిగిలిపోయే ఆ ఒక్క రోజు సరిగ్గా జీతం రోజు మీద పడింది, అంతే. బ్రిటన్‌లో పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై ఏప్రిల్ 5న ముగుస్తుంది. 2024 ఏప్రిల్ 5 శుక్రవారం కావడంతో ఆ రోజుతో ముగిసిన పన్ను సంవత్సరంలో శుక్రవారం జీతగాళ్లకు ఇలాగే 53వ వారం వచ్చింది.

## అద్దె వైపు అదే పొరపాటు, ఫలితం మాత్రం ఎదురు

బ్రిటన్‌లో విద్యార్థుల గదులకు అద్దెను చాలాసార్లు వారానికి ఇంత అని ప్రకటిస్తారు. వారానికి 150 పౌండ్ల గది చూసి నెలకు 600 అనుకుని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని బడ్జెట్ వేసుకున్నవారికి ఒప్పందం కాగితంలో 650 కనిపిస్తుంది. యజమాని మోసం చేయలేదు. 150ని 52తో గుణించి 12తో భాగిస్తే వచ్చేది 650 పౌండ్లే.

జీతం విషయంలో నాలుగుతో గుణిస్తే మన ఆదాయం తక్కువగా కనిపిస్తుంది, పెద్ద ప్రమాదం లేదు. అద్దె విషయంలో అదే తప్పు ఖర్చును తక్కువగా చూపిస్తుంది, అది జేబుకు తగులుతుంది. అన్నిటికంటే ఇబ్బంది రెండు పద్ధతులనూ కలపడం. ఆదాయాన్ని 52తో లెక్కించి, అద్దెను నాలుగుతో లెక్కిస్తే లేని మిగులు కనిపిస్తుంది. ఏ పద్ధతి తీసుకున్నా రాబడికీ ఖర్చుకూ ఒకటే వాడితే కనీసం రెండింటి మధ్య పోలిక దెబ్బతినదు.

## ప్రభుత్వ లెక్కల్లో 52, మనిషి బతుకులో నాలుగు వారాలు

బ్రిటన్ ప్రభుత్వం ఏ పద్ధతి వాడుతుందో తెలుసుకోవడానికి పన్ను పరిమితులే చాలు. 2025-26లో ఏడాదికి 12,570 పౌండ్ల వరకు ఆదాయ పన్ను లేదు. ఉద్యోగి నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందా కట్టడం మొదలయ్యే పరిమితి వారం జీతానికి 242, నెల జీతానికి 1,048 పౌండ్లు. 242ని నాలుగుతో గుణిస్తే 968 అవుతుంది. 52తో గుణించి 12తో భాగిస్తే 1,048.67. పరిమితులు ఏ లెక్కతో వచ్చాయో ఇక చెప్పనక్కర్లేదు.

సంక్షేమ సాయం విషయంలో ఈ సూత్రాన్ని నిబంధనల్లోనే రాశారు. యూనివర్సల్ క్రెడిట్ అనే నెలవారీ సాయంలో అద్దె భాగాన్ని లెక్కించేటప్పుడు వారం అద్దెను 52తో గుణించి 12తో భాగించాలనీ, నాలుగు వారాలకోసారి కట్టే అద్దెను 13తో గుణించి 12తో భాగించాలనీ 2013 నాటి నిబంధనలు చెబుతాయి. 13 ఎందుకంటే 52లో నాలుగు వారాల విడతలు 13 ఉంటాయి, 12 కాదు. అక్కడి ప్రభుత్వ పింఛను సాధారణంగా నాలుగు వారాలకోసారే పడుతుంది కాబట్టి పింఛనుదారులకు ఏడాదికి 13 విడతలు రావడం మామూలే.

అద్దెకు ఇంత జాగ్రత్తగా రాసిన నిబంధనలు జీతం దగ్గరికొచ్చేసరికి వేరే దారి పట్టాయి. యూనివర్సల్ క్రెడిట్‌లో ఆదాయాన్ని సగటు తీయరు. మీకు కేటాయించిన నెల గడువులో యజమాని చెల్లించినట్టు పన్నుశాఖకు తెలిపిన డబ్బు ఎంతో, ఆ నెల ఆదాయం అంతే. ఇంకో చోటేమో 52 లెక్కే ఉంది: కుటుంబానికి వచ్చే మొత్తం సాయానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది, ఉద్యోగంలో కొంత సంపాదిస్తున్నవారికి దాన్నుంచి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుకు కావలసిన సంపాదన వారానికి 16 గంటలు కనీస వేతనంతో పనిచేస్తే వచ్చే డబ్బును 52తో గుణించి 12తో భాగించినంత.

ఈ రెండూ ఒకే మనిషి మీద పడితే ఏమవుతుందో ఒక ఒంటరి తల్లి కేసు చూపించింది. ఆమె వారానికి 16 గంటలు కనీస వేతనానికి పనిచేసేది. అంటే మినహాయింపుకు సరిగ్గా సరిపోయేంత పని. కానీ యజమాని జీతం ఇచ్చేది నాలుగు వారాలకోసారి. 2019-20 అంకెలు పెట్టి చూద్దాం. గంటకు 8.21 పౌండ్లు, 16 గంటలకు 131.36. నిబంధన ప్రకారం నెల పరిమితి 569. ఆమె లాంటివారి చేతికి నాలుగు వారాలకు వచ్చేది 525. కంప్యూటర్ 525ని ఆ నెల ఆదాయంగా తీసుకుని, 569కి తక్కువ కాబట్టి మినహాయింపు లేదని తేల్చేస్తుంది. ఏడాదిలో ఒక్క నెలలో మాత్రం రెండు జీతాలు పడి పరిమితి దాటుతుంది. మిగతా 11 నెలలూ సాయంలో కోత. ఇదే పని ఇదే జీతంతో చేస్తూ నెలకోసారి డబ్బు తీసుకునే పక్కింటావిడకు ఒక్క నెల కూడా కోత ఉండదు.

2020లో హైకోర్టు ఈ పద్ధతి హేతుబద్ధం కాదంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. నెల గడువులో ఏది పడితే అదే ఆదాయం అనే నియమం వల్లే లక్షలాది లెక్కలు మనిషి చెయ్యి తగలకుండా కంప్యూటర్ మీద నడుస్తున్నాయనీ, ఏ గీత గీసినా దాని అంచున కొందరు నష్టపోతారనీ ప్రభుత్వ వాదన. 2021లో అప్పీలు కోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. ఫలితం కఠినంగా ఉందన్నది వేరు, చట్టం దృష్టిలో అహేతుకం అన్నది వేరు అన్నది ఆ తీర్పు సారాంశం. సాంకేతిక సౌలభ్యానికి విలువ ఉంది, కాదనను. కానీ పరిమితిని 52తో లెక్కించి, దానితో పోల్చే జీతాన్ని నాలుగు వారాలుగా వదిలేయడం పాలనా సౌలభ్యం అనిపించుకోదు, రెండు వేర్వేరు కొలబద్దలతో ఒకే గుడ్డను కొలవడం అది.

## 52 కూడా తప్పయ్యే చోటు: సెలవు డబ్బు కలిపిన జీతం

ఇంతవరకు చదివి 'ఇక ఎప్పుడూ 52తోనే' అనుకుంటే అక్కడా ఒక గుంట ఉంది. 52 వారాలకూ జీతం వస్తేనే ఆ లెక్క నిజం. బ్రిటన్‌లో ఉద్యోగికి ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధ హక్కు. మామూలు ఉద్యోగంలో సెలవు వారంలోనూ జీతం పడుతుంది. కాబట్టి 52 పని చేస్తుంది.

ఏజెన్సీల ద్వారా గంటలు మారుతూ పనిచేసేవారి సంగతి వేరు. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సెలవు సంవత్సరాల నుంచి, పని గంటలు నిలకడగా లేనివారికి సెలవు డబ్బును ప్రతి వారం జీతంతో కలిపి ఇచ్చేందుకు చట్టం యజమానికి వీలు కల్పించింది. జీతానికి 12.07 శాతం అదనంగా కలుపుతారు. ఈ వింత అంకె ఎక్కడిదంటే, 52లోంచి సెలవు వారాలు 5.6 తీసేస్తే పని వారాలు 46.4 మిగులుతాయి. 5.6ని 46.4తో భాగిస్తే 12.07 శాతం. 46.4 వారాలు పనిచేస్తూ మిగతా 5.6 వారాల జీతాన్ని ముందే కొద్దికొద్దిగా తీసుకుంటున్నారన్నమాట. సెలవు తీసుకున్న వారంలో ఇక ఏమీ పడదు.

మన వేర్‌హౌస్ జీతాన్నే ఇలా ఇచ్చారనుకుందాం. పని గంటలు వారం వారం మారినా సగటున 40 అనుకుంటే, 488.40కి సెలవు డబ్బు 58.95 కలిసి వారానికి 547.35 కనిపిస్తుంది. దీన్ని 52తో గుణించి 12తో భాగిస్తే నెలకు 2,371.85. చూడటానికి బాగుంది గానీ, సెలవు వారాల జీతాన్ని రెండుసార్లు లెక్కబెట్టాం. వారాలను 46.4గా తీసుకుంటే 2,116.42 వస్తుంది. రెండు పెన్నీల తేడాతో మళ్లీ పాత అంకె దగ్గరికే వచ్చాం. రెండు పద్ధతుల్లోనూ ఏడాది సంపాదన ఒకటే కాబట్టి అలాగే రావాలి. 52తో వేసిన లెక్క నమ్మి నెలకు 255 పౌండ్లు ఎక్కువ ఖర్చుపెట్టినవారికి, క్రిస్మస్‌కో సంక్రాంతికో పది రోజులు ఇంటికి వెళ్లొచ్చాక అసలు విషయం తెలుస్తుంది.

మీది ఏ రకమో పే స్లిప్ చూస్తే తెలిసిపోతుంది. ఇలా కలిపి ఇచ్చేటప్పుడు సెలవు డబ్బును స్లిప్‌లో విడిగా చూపించాలి. ప్రతి వారం ఆ వరుస కనిపిస్తుంటే, దాన్ని పక్కనపెట్టి మూల జీతాన్ని 52తో గుణించండి, లేదా మొత్తాన్ని 46.4తో గుణించండి. రెండూ ఒకచోటికే వస్తాయి.

ఇలా చూస్తే అసలు ప్రశ్న నాలుగా, 4.33ఆ అన్నది కాదు. ఏడాదిలో ఎన్ని వారాలు డబ్బు పడుతుందన్నది ప్రశ్న. ఆ వారాల సంఖ్యతో గుణించి 12తో భాగించాలి. అన్ని వారాలూ పడితే అది 52. ఏడాదికి నాలుగు వారాలు జీతం లేకుండా ఇంట్లో ఉండేవారికి 48, అంటే అక్షరాలా నాలుగుతో గుణించే లెక్కే. చదువుకుంటూ వారానికి 20 గంటలు పనిచేసి, పరీక్షల నెలలో మానేసేవారికి అది నిజంగా సరిపోవచ్చు. పాత అలవాటు కొందరి విషయంలో సరైన జవాబే ఇస్తుంది, కారణం మాత్రం వేరు.

## అమెరికాలో 4.3, రెండు వారాల జీతం

అమెరికాలో వారానికి బదులు రెండు వారాలకోసారి జీతమిచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. అక్కడి తెలుగు ఐటీ ఉద్యోగులకు బాగా తెలిసిన సంగతే: ఏడాదికి 26 జీతాలు, రెండు నెలల్లో మూడేసి. నెలకు రెండుసార్లు, అంటే 15న, నెలాఖరున ఇచ్చే కంపెనీలో 24. రెండు పద్ధతులనూ ఒకటనుకుని జీతాన్ని రెండుతో గుణించి పోల్చినవారికి పైన చెప్పిన రెండు ఆఫర్ల చిక్కే ఎదురవుతుంది. ఇంటి లోను కోసం ఆదాయం చూసేటప్పుడు రుణ సంస్థలు వారం జీతమైతే 52తో, రెండు వారాల జీతమైతే 26తో గుణించి 12తో భాగిస్తాయి. పేదలకు ఆహార సాయమిచ్చే స్నాప్ పథకం నిబంధనలు మాత్రం వారం ఆదాయాన్ని 4.3తో గుణించమంటాయి. వారానికి 700 డాలర్లయితే 52 లెక్కలో 3,033, స్నాప్ లెక్కలో 3,010. దశాంశంలో రెండో అంకెను వదిలేసినందుకు వచ్చిన 23 డాలర్ల తేడా ఇది. ఆదాయ పరిమితికి అంచున ఉన్న కుటుంబానికి ఆ 23 కలిసొస్తుంది కూడా.

## మన దగ్గర 26లో దాక్కున్న 52

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నెల జీతం లెక్కల్లో తరచూ కనిపించే అంకె 26. రోజు వేతనాన్ని నెలకు మార్చేటప్పుడు 26తో గుణిస్తారు. ఆదివారాలు పోను మిగిలే రోజులని అందరూ చెబుతారు. వారానికి ఆరు పని రోజులు, ఏడాదికి 52 వారాలు, మొత్తం 312. దాన్ని 12తో భాగిస్తే సరిగ్గా 26. నాలుగు వారాల లెక్కన అయితే 24 రోజులే వచ్చేవి. అంటే ఇదీ బ్రిటన్ వాడే 52 లెక్కే, రోజుల రూపంలో ఉంది.

కట్టడం పనుల దగ్గర వారం బట్వాడా ఇప్పటికీ మామూలే. రోజుకు 800 రూపాయలు తీసుకునే కూలీకి ఆరు రోజులకు 4,800. 52తో లెక్కిస్తే నెలకు 20,800, అంటే 800ని 26తో గుణించినంత. నాలుగుతో అయితే 19,200. కాగితం మీద ఇది ఇందాకటి లెక్కలాగే ఉంది, కానీ మేస్త్రీని అడిగితే రెండూ నమ్మడు. వానలకు కొన్ని వారాలు పని ఆగుతుంది, ఇసుక దొరక్క కొన్ని ఆగుతాయి, పండక్కి ఊరెళ్తే ఒకటి రెండు పోతాయి. ఆ రోజులకు కూలి లేదు. ఏడాదిలో 44 వారాలే పని దొరికిందనుకుంటే నెల సగటు 17,600. నాలుగుతో గుణించిన అంకె కంటే కూడా తక్కువ. నెలకు ఇంత అని చెప్పి చీటీ పాటలో చేరేటప్పుడో, బండి వాయిదా ఒప్పుకునేటప్పుడో ఆయనకు కావలసింది ఈ మూడో అంకె. నిరుటి బట్వాడా పుస్తకంలో డబ్బు పడిన వారాలెన్నో లెక్కపెడితే అది దొరుకుతుంది.

నెల జీతగాళ్ల విషయంలో 26 ఎదురు దిశలో పనిచేస్తుంది. గ్రాట్యుటీ లెక్కలో సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. రోజు జీతం తెలుసుకోవడానికి నెల జీతాన్ని 30తో కాక 26తో భాగిస్తారు. చివరి మూల వేతనం, కరువు భత్యం కలిపి 26,000 ఉన్న ఉద్యోగికి 15 రోజులంటే 15,000. 30తో భాగిస్తే 13,000 అయ్యేది. పదేళ్ల సర్వీసుకు తేడా 20,000 రూపాయలు. గ్రాట్యుటీ చెక్కు తక్కువగా ఉందనిపించినప్పుడు యజమాని ఏ అంకెతో భాగించాడో మొదట అక్కడే చూడాలి.